118తో భాగించి చూడండి: మా బ్యాంకు బ్రాంచి మేనేజరు గారికి బహిరంగ లేఖ

మేనేజరు గారికి నమస్కారం.

నేను మీ బ్రాంచిలో ఖాతా ఉన్న పెన్షనర్ని. ముప్ఫై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి 2018లో రిటైరయ్యాను. మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చుగానీ మీ కౌంటరు పిల్లలు పడతారు. ప్రతి పది రోజులకీ పాస్‌బుక్కు ప్రింటుకి వచ్చి, మిషన్ పక్కన నిలబడి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటూ వరస ఆపేసే పెద్దావిడని నేనే. ఆ పుస్తకంలో ఏముందో చెప్పడానికే ఈ ఉత్తరం. మీకొక్కరికే రాస్తే ఫైల్లో పడుతుంది. నాలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి అందరూ చదివేలా రాస్తున్నాను.

నాకు నెలకి 41,360 రూపాయలు పింఛను పడుతుంది. ఉంటున్నది సొంత ఇల్లు. ఉన్నది ఒక్కదాన్నే. అయినా రెండేళ్లుగా ఇరవయ్యో తారీఖు దాటితే ఖాతాలో రెండు వేలు కనపడటం లేదు. మా అమ్మాయి ఫోన్లో "ఎవరికైనా చేబదులు ఇస్తున్నావా అమ్మా?" అని మెల్లగా అడిగింది. ఆ మెల్లదనమే నాకు నచ్చలేదు. వయసు మీద పడి మతిమరుపు వచ్చిందేమోనని దాని అనుమానం. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం వచ్చింది.

ముందు మీ బ్యాంకుని అనుమానించలేదు. ట్రెజరీని అనుమానించాను. సబ్ ట్రెజరీకి వెళ్తే అక్కడి గుమాస్తా నా దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడే. కుర్చీ వేసి, పెన్షన్ స్లిప్పు తీసి, వరసగా చూపించాడు. మూల పింఛను ఇంత, కరువు భృతి ఇంత, కమ్యూటేషన్ కింద కోత ఇంత, హెల్త్ కార్డుకి ఇంత. "టీచరుగారూ, మా దగ్గర్నుంచి పైసా తేడా లేకుండా వెళ్తోంది. తర్వాత ఏమవుతోందో మాకు తెలీదు" అన్నాడు. చేతికి రాకముందు పోవడం లేదు, వచ్చాకే పోతోందని తేలింది.

వీధి చివర కొట్లో చిన్న నోటు పుస్తకం కొన్నాను. పాల లెక్క రాసుకునే సైజు. పర్సులో పడుతుంది. 2025 ఏప్రిల్ ఒకటిన మొదలుపెట్టాను. మొదట అందరిలాగే రాశాను: కూరగాయలు 140, మందులు 1,860, ఆటో 40. నెలాఖరుకి కూడితే నా ఖర్చు కచ్చితంగా వచ్చింది, డబ్బు మాత్రం ఎప్పట్లాగే మాయమైంది. అప్పుడుగానీ తప్పెక్కడో తట్టలేదు. తెలిసిన ఖర్చు రాసుకుంటే తెలిసినదే కనిపిస్తుంది. నాకు కావలసింది తెలియనిది.

అందుకని మే నెలకి పుస్తకాన్ని రెండుగా చీల్చాను. ఎడమ పేజీలో నేను ఖర్చు పెట్టినది, ఏ రోజుది ఆ రోజు, రాత్రి పడుకోబోయే ముందు. చివర పర్సులో మిగిలిన నగదు ఎంతో లెక్కపెట్టి రాయాలి, అందాజుగా కాదు. కుడి పేజీలో నా ఖాతాలోంచి వెళ్లినది, మీ పాస్‌బుక్కులో ఉన్నది ఉన్నట్టు. పది రోజులకొకసారి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి జతలు కలుపుతాను. కరెంటు బిల్లు ఎడమనా ఉంది, కుడినా ఉంది, రెండింటికీ టిక్కు. ఏటీఎంలో తీసిన రెండు వేలు కుడిన ఉన్నాయి, ఆ రోజు పర్సు నిల్వలో పెరిగాయి, టిక్కు. కుడి పేజీలో టిక్కు పడకుండా మిగిలినవే నాకు తెలియకుండా వెళ్లినవి. ఎడమన పర్సు నిల్వకీ రాసిన ఖర్చుకీ పొంతన కుదరకపోతే, అది నేను ఇచ్చి రాయడం మరిచిపోయినది.

మే నెల లెక్క ఇది. మొదటి నిల్వకి పింఛను కలిపి, అందులోంచి నెలాఖరు నిల్వ తీసేస్తే, మొత్తం పోయింది 42,719 రూపాయల 42 పైసలు. అందులో నాకు తెలిసిన ఖర్చు 31,360. తెలియనిది 11,359 రూపాయల 42 పైసలు.

ఆ 42 పైసల దగ్గర నేను ఆగిపోయాను. కూరగాయల అమ్మాయి నాకు పైసలు చిల్లర ఇవ్వదు. మందుల షాపతను బిల్లులో పైసలుంటే రూపాయికి సరిచేసి అడుగుతాడు. ఫోన్లో కొట్టేవీ నిండు రూపాయలే. ఈ రోజుల్లో పైసల్లో ఖర్చు పెట్టేవాళ్లెవరు? నేనైతే కాదు. కాబట్టి పైసలున్న ప్రతి పద్దూ నాది కాదు. పాస్‌బుక్కులో పైసలున్న పద్దులన్నీ ఏరాను. ఏప్రిల్లో 17.70 ఒకటి. 24.78 రెండుసార్లు. మేలో 27.14 మూడుసార్లు. పక్కన రాసి ఉన్న అక్షరాలు చూస్తే మా బడి పిల్లల కాపీ చీటీలు నయమనిపించింది. అచ్చులు మింగేసిన ఇంగ్లీషు ముక్కలు, వాటి వెనక పన్నెండు అంకెలు.

అక్షరాలు చదవలేకపోయినా అంకెలు చదవగలను. 17.70ని చూస్తుంటే 15 మీద 18 శాతం అని తట్టింది. పదిహేనులో పద్దెనిమిది శాతం 2.70. కరెక్టుగా కూడింది. 24.78 అంటే 21 మీద 18 శాతం. 27.14 అంటే 23 మీద. అంటే ఇవన్నీ బ్యాంకు వసూలు చేసే రుసుములు, జీఎస్టీ కలిపినవి. పాఠం చెప్పిన అలవాటు కొద్దీ దీనికొక సూత్రం రాసుకున్నాను: పద్దుని పైసల్లోకి మార్చి 118తో భాగించు. శేషం సున్నా వస్తే అది బ్యాంకు రుసుమై ఉండొచ్చు, భాగఫలమే అసలు రుసుము రూపాయల్లో. 1770ని 118తో భాగిస్తే 15. 2714ని భాగిస్తే 23.

ఈ సూత్రం చేతిలో పట్టుకుని పైసలు లేని పద్దుల మీదా ప్రయోగించాను. టిక్కు పడని వాటిలో 236 ఉంది. 23600ని 118తో భాగిస్తే 200, శేషం లేదు. అది డెబిట్ కార్డు సంవత్సరపు రుసుము. 295 ఉంది. 29500ని భాగిస్తే 250. ఇదేమిటో వెంటనే అర్థం కాలేదు, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. 199 ఉంది. శేషం మిగిలింది, కాబట్టి బ్యాంకుది కాదు, ఎవరో బయటివాళ్లు. 20 ఉంది. అదీ శేషం మిగిలింది. అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ఏడాదికి ఇరవై రూపాయలు, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. ఏటా మే నెలాఖరున తీసుకుంటారు. అది తెలిసే ఒప్పుకున్నాను, ఉంచుకున్నాను. సూత్రం అన్నీ పట్టదు. కిరాణా బిల్లు కూడా ఏ రోజైనా 236 కావచ్చు. అందుకే ముందు టిక్కులు పెట్టి, మిగిలిన వాటి మీదే భాగహారం చెయ్యాలి.

27.14 సంగతి చెబితే మీరు నవ్వుతారు. మా వీధి చివర ఏటీఎం మీ బ్యాంకుది కాదు. మాలాంటి ఊళ్లో వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకి ఐదుసార్లే ఉచితం. డబ్బు తీయడమే కాదు, నిల్వ ఎంతుందో చూసుకున్నా అందులోకే వస్తుంది. మేలో నేను రెండుసార్లు నిల్వ చూసుకున్నాను, ఆరుసార్లు డబ్బు తీశాను. మొత్తం ఎనిమిది. చివరి మూడింటికీ తలా 23 రూపాయలు, పైన పన్ను. ఏప్రిల్లో అదే పనికి 21 ఉండేది, మే ఒకటి నుంచి 23 అయింది. డబ్బు ఎక్కడికి పోతోందో అని కంగారుపడి చూసుకున్నందుకు నా డబ్బే పోయిందన్నమాట. ఇందులో మీ తప్పేమీ లేదు. ఇప్పుడు నెలకి రెండుసార్లే తీస్తున్నాను.

199 మా మనవడి ఘనకార్యం. సంక్రాంతి సెలవులకి వచ్చి నా ఫోన్లో ఏదో సినిమాల యాప్ పెట్టాడు. మొదటి నెల ఒక్క రూపాయే అన్నాడట. తర్వాత నెలనెలా దానంతటదే తీసుకునేలా ఆటోపే అనుమతి ఇచ్చేశాడు. డబ్బు తీసుకునే ముందు రోజు ఫోన్‌కి మెసేజ్ వస్తూనే ఉంది, లోను ఇస్తామనే నాలుగు మెసేజ్‌ల మధ్యన, ఇంగ్లీషులో. డబ్బులు పంపే యాప్‌లోనే ఆటోపే అని ఒక గది ఉంటుంది, అక్కడ రద్దు చెయ్యొచ్చు. మా అమ్మాయి ఫోన్లో దారి చెబితే రెండు నిమిషాల్లో అయిపోయింది. వాడికి మాత్రం ఇంకా చెప్పలేదు, దసరాకి వస్తాడుగా.

ఇక అసలు సంగతి. మే 5న 5,000 వెళ్లింది. నిండు రూపాయలు, 118తో భాగించినా దొరకదు, చూడ్డానికి నేనే ఎవరికో పంపినట్టుంది. ఏప్రిల్ 5నా అంతే. పాత పాస్‌బుక్కులు తీసి చూస్తే 2021 నుంచీ ఉంది. అక్షరాల్లో 'ఏసీహెచ్' అన్న ముక్క ఒక్కటే చదవగలిగాను. మీ కౌంటర్లో అడిగితే "అది మీరు ఇచ్చిన మాండేట్ మేడం" అన్నారు. అంటే ఖాతాలోంచి నెలనెలా తీసుకోమని నేనే రాసిచ్చిన అనుమతి. ఎవరికిచ్చాను అంటే కంపెనీ పేరు చెప్పారు. అది బీమా కంపెనీ.

2021 ఏప్రిల్లో నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి గడువు తీరితే తిరగరాయించుకోడానికి మీ బ్రాంచికొచ్చాను. అప్పటికి మీరింకా ఇక్కడికి రాలేదు. టై కట్టుకున్న కుర్రాడొకడు కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. "ఎఫ్‌డీ లాంటిదే మేడం, నెలనెలా కొంచెం కొంచెం, వడ్డీ ఇంకా ఎక్కువ" అన్నాడు. నేను రికరింగ్ డిపాజిట్ అనుకున్నాను. సంతకాలు పెట్టాను. బ్యాంకు లోపల, బ్యాంకు కుర్చీలో కూర్చున్నవాడు బ్యాంకువాడు కాడని నాకెలా తెలుస్తుంది? పాలసీ కాగితాలు వచ్చాక నచ్చకపోతే వెనక్కిచ్చే గడువు కొద్ది రోజులే. ఆ కవరు నేను బీరువాలో డిపాజిట్ బాండ్లతో పాటు పెట్టి తాళం వేశాను. గడువు బీరువాలోనే తీరిపోయింది.

మొన్న జూన్లో మీ దగ్గర ఆ మాండేట్ ఫారం నకలు తీసుకున్నాను. ఇచ్చినందుకు మీకు ధన్యవాదాలు, ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. సంతకం నాదే. తారీఖు 28. కానీ నెలనెలా అన్న గడిలోనూ, గరిష్ఠ మొత్తం అన్న గడిలోనూ ఉన్న టిక్కులు నావి కావు. ముప్ఫై నాలుగేళ్లు పేపర్లు దిద్దినదాన్ని. నా టిక్కు కింద గుండ్రంగా తిరిగి, తోక గీత దాటి పైకి పోతుంది. ఇవి పొట్టి టిక్కులు, వేరే పెన్నువి, వేరే నీలం. ఫారం ఖాళీగా ఉండగా నేను సంతకం పెట్టాను, తర్వాత ఎవరో నింపారు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దని తల్లిదండ్రులకి చెప్పిన టీచర్నే నేను. కాబట్టి ఇందులో నా పాలు నేను ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు 295 దగ్గరికి వద్దాం. మాండేట్‌లో వసూలు తారీఖు 28. ఆ కుర్రాడికి నెలాఖరు టార్గెట్ ఉండి ఉంటుంది, ఆ రోజు సంతకం పెట్టించుకుని అదే తారీఖు వేసినట్టున్నాడు. పింఛను మీద బతికేవాళ్ల ఖాతాలో 28న ఏముంటుంది? ఐదు వేలు తీసుకోబోతారు, రెండు వేలు కూడా ఉండవు, వెనక్కి పోతుంది. డబ్బు లేనందుకు మీరు 250 రుసుమూ పన్నూ కలిపి 295 తీసుకుంటారు. కంపెనీ మళ్లీ 5న అడుగుతుంది, అప్పటికి పింఛను పడి ఉంటుంది కాబట్టి ఐదు వేలూ వెళ్తాయి. అంటే ప్రతి నెలా ఒకసారి ఓడి, ఒకసారి గెలిచి, ఓడినందుకు 295 కడుతున్నాను. ఏడాదికి 3,540. రెండేళ్లుగా నెలాఖర్లు ఇలాగే ఉన్నాయి. మీ దగ్గర ఒక్కరైనా "అమ్మా, ఇది ప్రతి నెలా 28నే వెనక్కి పోతోంది, తారీఖు మార్పించుకోండి" అని ఉంటే ఆ డబ్బు మిగిలేది. మీ కంప్యూటరుకి తెలుసు. మీ మనుషులకి చెప్పాలని లేదు, లేదా తీరిక లేదు.

ఆ పాలసీ మార్కెట్టుతో ముడిపడ్డది. ఐదేళ్లలోపు మానేసినా డబ్బు అప్పుడే చేతికి రాదు. 2026 ఏప్రిల్‌తో ఐదేళ్లు నిండుతాయి, అప్పుడు కోత లేకుండా బయటికి రావచ్చు. అందుకని ఇప్పుడు తెంచలేదు. కంపెనీకి రాసి వసూలు తారీఖు 28 నుంచి 5కి మార్పించాను. జులై నుంచి 295 కనపడలేదు.

మొత్తం కూడండి. పాలసీ 5,000, వెనక్కి పోయినందుకు 295, సినిమాల యాప్ 199, ఏటీఎం 81.42, కార్డు 236, బీమా 20. అన్నీ కలిపి 5,831 రూపాయల 42 పైసలు. పైసలతో సహా కలిశాయి చూశారా. మిగిలిన 5,528 నిండు రూపాయలు. అంటే అది నా చేతి మీదుగా వెళ్లిందే.

అది కూడా దాచుకోను. మేలో ముహూర్తాలు ఎక్కువ. నా పాత విద్యార్థుల ఇళ్లలో నాలుగు పెళ్లిళ్లు. మూడు చోట్ల 1,116, ఒకచోట 516 చదివించాను. ఆటోలకి 620. పనిమనిషి కూతురి కాలేజీ ఫీజుకి వెయ్యి అడిగితే ఇచ్చాను. ఇవి పుస్తకంలో రాయలేదు, ఇస్తూ రాసుకోవడం ఏదో చిన్నతనంగా అనిపించింది. ఇవి పోగా 44 రూపాయలు మాత్రం ఎటు వెళ్లాయో ఇంతవరకూ తెలీదు. మా అమ్మాయి వదిలెయ్యమంటోంది.

ఇంతకీ మీకు ఎందుకు రాస్తున్నానంటే, నా పదకొండు వేలల్లో ఎవరూ దొంగిలించినది ఒక్క రూపాయి లేదు. అన్నీ నేను ఎప్పుడో ఇచ్చిన అనుమతులు, మీ నిబంధనల్లో ఉన్న రుసుములు. మీ పాస్‌బుక్కులో అన్నీ అచ్చయి ఉన్నాయి. అచ్చయి కూడా నాకు కనపడలేదు, ఎందుకంటే చదవడానికి వీలుగా లేవు. పాస్‌బుక్కులో ఎవరికీ అర్థంకాని పద్దులు రాయొద్దని రిజర్వు బ్యాంకు మీకు ఎప్పట్నుంచో చెబుతోంది. 2017 జూన్లో ఇచ్చిన ఆదేశంలో ఇంకా వివరంగా చెప్పింది: రుసుము తీసుకుంటే అది దేనికి తీసుకున్నారో క్లుప్తంగా కారణం రాయాలి, డబ్బు ఎవరికి వెళ్లిందో పేరు రాయాలి. నా పాస్‌బుక్కులో 295 పక్కన ఉన్నది కారణమో కాదో మీరే ఒకసారి చదివి చెప్పండి. మీకు అర్థమైతే నేను ఒప్పుకుంటాను, కానీ మీ ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చూపించాలి.

మిమ్మల్ని అడిగేవి రెండే. ఆ 295 లాంటి పద్దు పక్కన "డబ్బు చాలక వెనక్కి పోయినందుకు" అని తెలుగులో వెయ్యండి. అంత చోటు లేదంటారేమో, ఇప్పుడు అక్కడ పన్నెండు అంకెలకి చోటుంది. రెండోది, పాస్‌బుక్కు నిండి కొత్తది ఇచ్చినప్పుడు మొదటి పేజీలో, ఖాతాదారు పేరూ, నామినీ ఉన్నారో లేదో వేసే చోటికి కిందనే, ఈ ఖాతాలోంచి ఎవరెవరికి నెలనెలా తీసుకునే అనుమతి ఉందో వరసగా అచ్చు వెయ్యండి. కంపెనీ పేరు, ఎంత, ఏ తారీఖున, ఏ సంవత్సరం దాకా. నాలుగు గడులు. మీ కంప్యూటర్లో ఆ జాబితా ఉంది, నేను అడిగితే మీ అమ్మాయి ఐదు నిమిషాల్లో తీసి చూపించింది. అడగాలని తెలిసినవాళ్లకే కాకుండా అందరికీ చూపించమంటున్నాను.

మొదటిది మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. సాఫ్ట్‌వేర్ పైనుంచి వస్తుందంటారు. పైకి రాయండి. మీరు రాసిన కాగితం నకలు నాకొకటి ఇవ్వండి. ఇదే సంగతి మీద నేను బ్యాంకుకి విడిగా ఫిర్యాదు కూడా ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చని నాకు తెలుసు. ఆ తారీఖు కూడా పుస్తకంలో కుడి పేజీ మీద రాసి ఉంచాను.

వచ్చే సోమవారం ప్రింటుకి వస్తాను. క్రితంసారి మిషన్ పనిచెయ్యలేదు. పనిచెయ్యకపోతే కౌంటర్లో వేయించుకుంటాను, మీకు తీరికుంటే పుస్తకం చూపిస్తాను.

ఇట్లు,
మీ ఖాతాదారు,
రిటైర్డ్ లెక్కల టీచరు